శాన్ ఆండ్రియాస్‌లో మన ఆర్టీసీ బస్సు పెట్టాక బిల్డింగులు మాయమవుతున్నాయి: మాడ్స్ చేసేవాళ్లు కాస్త చూడండి

శివ_గాజువాక
అందరికీ నమస్తే. జీటీఏ శాన్ ఆండ్రియాస్ పీసీలోకి వచ్చింది 2005 జూన్‌లో. అప్పటికి నాకు మూడేళ్లు. ఇప్పుడు డిగ్రీ అయిపోయింది, ఇంకా అదే గేమ్ ఆడుతున్నాను. దానికి కారణం మాడ్సే. నెల రోజులు కూర్చుని మన సిటీ బస్సు ఒకటి చేశాను. గాజువాక డిపో ముందు నిలబడి నాలుగు వైపులా ఫొటోలు తీసి, బ్లెండర్‌లో మోడల్ చేసి, `DragonFF` యాడ్ఆన్‌తో `bus.dff`గా ఎక్స్‌పోర్ట్ చేశాను. మోడల్ మీద అతికించే బొమ్మలు, అంటే టెక్స్చర్లు, `Magic.TXD`తో `bus.txd`లో పెట్టాను. గేమ్‌లో ఉన్న మామూలు బస్సు స్థానంలో మనది వస్తోంది. మొదటిసారి గ్రోవ్ స్ట్రీట్ మలుపులో అది ఎదురొచ్చినప్పుడు మా చెల్లిని పిలిచి మరీ చూపించాను.

సమస్య ఏంటంటే, బస్సు రోడ్డు మీదికి వచ్చిన కాసేపటికే చుట్టుపక్కల బిల్డింగులు, రోడ్డు ముక్కలు మాయమైపోతున్నాయి. స్పీడుగా వెళ్తే కారు కింద నేల కూడా ఉండట్లేదు, నీలం రంగు కనిపిస్తోంది. ఆగి నిలబడితే కొన్ని తిరిగొస్తాయి, కొన్ని రావు. మోడల్‌లో తప్పు చేశానా? రెండు రోజుల్నుంచి ఇదే టెన్షన్.

రాజు_సీతమ్మధార
తమ్ముడూ, అది మెమరీ ప్రాబ్లెం. నీ లాప్‌టాప్‌లో ర్యామ్ ఎంత? 8 జీబీ ఉంటే 16 చేయించు, సరిపోతుంది. గేమ్ ఫోల్డర్లో `stream.ini` అని ఉంటుంది, అందులో మెమరీ నంబర్ కూడా పెంచు. నేను అలాగే చేశాను.

శివ_గాజువాక
రాజు అన్నా, నాది 16 జీబీనే. `stream.ini`లో నంబర్ పదింతలు చేసి చూశాను. ఏమీ తేడా లేదు.

మాధురి_టెక్స్చర్స్
రాజు గారు మెమరీ అన్నది కరెక్టే. కానీ అది లాప్‌టాప్‌లో ఉన్న ర్యామ్ కాదు. ఈ గేమ్ మ్యాప్ మొత్తాన్ని ఒకేసారి లోడ్ చేసుకోదు. మనం ఉన్న చోటు చుట్టూ ఉన్న మోడల్స్, టెక్స్చర్లు మాత్రమే తెచ్చుకుని, వెనక వదిలేసినవి తీసేస్తూ పోతుంది. ఆ పనికి అది తనకు తాను కేటాయించుకున్న చోటు సుమారు 50 ఎంబీ. నీ మిషన్‌లో 64 జీబీ ర్యామ్ ఉన్నా గేమ్ మాత్రం ఆ 50 దగ్గరే గీత గీసుకుని కూర్చుంటుంది. 2005 నాటి కంప్యూటర్లకు అది చాలు.

శివా, రెండు విషయాలు చెప్పు. నీ `bus.txd` ఫైల్ సైజు ఎంత? లోపల ఎన్ని టెక్స్చర్లు ఉన్నాయి, ఒక్కోటి ఏ సైజు, ఏ ఫార్మాట్?

శివ_గాజువాక
అక్కా, ఫైల్ 96 ఎంబీ ఉంది. ఆరు టెక్స్చర్లు: కుడి పక్క, ఎడమ పక్క, ముందు, వెనక, లోపలి భాగం, సీట్లు. అన్నీ 2048 × 2048. ఫార్మాట్ దగ్గర 32 బిట్ అని ఉంది. క్లారిటీ పోకూడదని కంప్రెషన్ పెట్టలేదు.

మాధురి_టెక్స్చర్స్
దొరికింది. నీ మోడల్‌లో తప్పేమీ లేదు, నిశ్చింతగా ఉండు. లెక్క చూడు. 2048 × 2048 అంటే దాదాపు 42 లక్షల పిక్సెళ్లు. 32 బిట్ అంటే ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు. అలా ఒక్కో టెక్స్చర్ 16 ఎంబీ, ఆరూ కలిపి 96. సిటీ అంతటికీ కలిపి ఉన్న చోటు 50 అయితే, నీ బస్సు ఒక్కటే దానికి దాదాపు రెండింతలు అడుగుతోంది. బస్సు ట్రాఫిక్‌లోకి రాగానే గేమ్ దానికి చోటు చేయడానికి బిల్డింగుల్ని బయటికి నెడుతోంది. అందుకే బస్సు కనిపించాకే నీకు గొడవ మొదలవుతోంది.

అనుమానం తీర్చుకోవాలంటే మాడ్ లోడర్ వాడుతున్నావు కదా, బస్సు ఫోల్డర్ తీసి బయట పెట్టి అదే రోడ్డు మీద అదే స్పీడులో వెళ్లి చూడు. బిల్డింగులు నిలబడితే దోషం టెక్స్చర్లదే.

ఇప్పుడు చేయాల్సింది ఇది. `Magic.TXD`లో ఒక్కో టెక్స్చర్ సైజు తగ్గించి, ఫార్మాట్ DXT1కి మార్చు. DXT1లో పిక్సెల్‌కి అర బైటే పడుతుంది. రెండు పక్కలూ 1024 చెయ్యి, ఒక్కోటి అర ఎంబీ అవుతుంది. మిగతా నాలుగూ 512 చెయ్యి, ఒక్కోటి 128 కేబీ. మొత్తం ఒకటిన్నర ఎంబీ. మిప్‌మ్యాప్స్ కూడా పెట్టు, వాటితో ఇంకో మూడో వంతు కలిసి 2 ఎంబీకి వస్తుంది. అవి లేకపోతే బస్సు దూరంగా ఉన్నప్పుడు కిటికీ గీతలు మిణుకుమిణుకుమంటాయి. అద్దాలకు పారదర్శకత కావాలంటే ఆ ఒక్క టెక్స్చర్‌ని DXT5 చెయ్యి. సైజు DXT1కి రెట్టింపు అవుతుంది, అయినా ఫర్వాలేదు.

శివ_గాజువాక
అక్కా, ఇప్పుడే చేశాను. 96 ఎంబీ ఫైల్ 2 ఎంబీ అయింది, బిల్డింగులు ఒక్కటీ పోలేదు! బస్సు కూడా దాదాపు ముందులాగే ఉంది. ఒకటే బాధ. ముందు బోర్డు మీద "మద్దిలపాలెం" అని తెలుగులో రాశాను. అది అలుక్కుపోయింది. ద్ద వత్తు గుర్తుపట్టలేం, తలకట్లు చుక్కల్లా అయిపోయాయి. ఇంగ్లిష్ అక్షరాలు మాత్రం బాగానే ఉన్నాయి.

మాధురి_టెక్స్చర్స్
అది DXT స్వభావం. బొమ్మని నాలుగు పిక్సెళ్లు అడ్డం, నాలుగు నిలువు ఉండే చిన్న గళ్లుగా కోసి, ఒక్కో గడికి నాలుగు రంగులే ఇస్తుంది. అందులో కూడా రెండు రంగులు సొంతవి, మిగతా రెండూ వాటి మధ్య మిశ్రమాలు. ఇంగ్లిష్ అక్షరాల నిలువు గీతలు అందులో ఇమిడిపోతాయి. మన తలకట్టు, వత్తు అంత చిన్న గడిలో వంపు తిరగాలి, పైగా పసుపు మీద ఎరుపు. తట్టుకోలేదు.

బోర్డుని బస్సు ముందు భాగం నుంచి విడదీసి, దానికొక్కదానికే 512 × 128 టెక్స్చర్ ఇవ్వు. దాన్ని కంప్రెస్ చేయకు, 32 బిట్‌లోనే ఉంచు. 256 కేబీ అవుతుంది, అంతే. అక్షరాలు చదవాల్సిన చోట ఖర్చు పెట్టాలి, సీటు వెనక రెక్సిన్ మీద కాదు. నేను ఆటో మోడల్ చేసినప్పుడు వెనక రాతలతో వారం రోజులు తంటాలు పడి ఇది తెలుసుకున్నాను.

పాత_నెట్‌సెంటర్
ఈ చర్చ చూస్తుంటే ద్వారకానగర్‌లో నేను నెట్ సెంటర్ నడిపిన రోజులు గుర్తొచ్చాయి. ఆరు సిస్టమ్స్. పిల్లలు కాలేజీ అయిపోగానే వచ్చి శాన్ ఆండ్రియాస్ అడిగేవాళ్లు. గేమ్ తయారుచేసినవాళ్లు పీసీలో మల్టీప్లేయర్ ఇవ్వలేదు. ఆట అభిమానులే ఎస్ఏ-ఎంపీ, ఎంటీఏ అని సొంతంగా తయారుచేశారు. ఎస్ఏ-ఎంపీ 2006లోనే వచ్చింది. కథ పూర్తయ్యాక మామూలుగా అక్కడితో అటకెక్కాల్సిన గేమ్. ఒకళ్లనొకళ్లు వెంటాడుకోవడం వచ్చాక మా దగ్గర ఏళ్ల తరబడి ఆడారు.

అప్పట్లో మాడ్ లోడర్ లేదు. కొత్త కారు పెట్టాలంటే ఐఎంజీ టూల్‌తో `gta3.img` తెరిచి, పాత ఫైల్ తీసి కొత్తది పెట్టాలి. ఆ ఫైల్ దాదాపు 900 ఎంబీ, బండ్ల మోడల్స్ అన్నీ అందులోనే ఉంటాయి. ఒక శనివారం రాత్రి నేను ఇరవై కార్లు మారుస్తుండగా మధ్యలో కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి ఉంది. ఫైల్ పాడైపోయింది, బ్యాకప్ లేదు. ఆదివారం పొద్దున్న పిల్లలు వచ్చేసరికి ఒక్క సిస్టమ్‌లో కూడా గేమ్ తెరుచుకోలేదు, ఎందుకంటే పాడైన ఆ ఫైల్‌నే అన్నిటికీ కాపీ చేశాను. శివ లాంటివాళ్లు ఇప్పుడు ఒక ఫోల్డర్లో రెండు ఫైళ్లు పెట్టి

```
modloader\rtc_bus\bus.dff
modloader\rtc_bus\bus.txd
```

ఇంతటితో పని ముగించేస్తుంటే చాలా సంతోషంగా ఉంది. అసలు ఫైల్‌ని ఎవరూ ముట్టుకోవడం లేదు. ఫోల్డర్ తీసేస్తే గేమ్ మళ్లీ మామూలుదే.

కిరణ్_ఎంవీపీ
శివా, నీ బస్సు నిన్న డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నాను. చాలా బాగుంది. కానీ అది పెట్టాక నా గేమ్‌లో సముద్రం మీద దిగే విమానం, అదే స్కిమ్మర్, మాయమైంది. ఎప్పుడూ ఉండే రేవు దగ్గర లేదు. చీట్ స్క్రిప్ట్‌తో తెప్పించుకుని ఎక్కితే ఒక్క క్షణంలో ఆకాశంలోకి ఎగిరిపోయాను, కింద ఏమీ కనిపించలేదు. నీ బస్సే ఏదో ఫైల్ పాడుచేసినట్టుంది. దయచేసి చూడు.

శివ_గాజువాక
కిరణ్ అన్నా, సారీ. కానీ నేను విమానం ఫైల్స్ ఏమీ ముట్టుకోలేదు. బస్సు రెండు ఫైళ్లే అన్నా.

రవి_కోడ్
శివ తప్పేమీ లేదు. కిరణ్ గారూ, ఈ మధ్య మీ విండోస్ అప్‌డేట్ అయిందా? విండోస్ 11 24హెచ్2 వచ్చిందేమో చూడండి.

కిరణ్_ఎంవీపీ
అవును రవి గారూ, ఈ వారమే లాప్‌టాప్ అప్‌డేట్ అయింది. దానికీ విమానానికీ ఏంటి సంబంధం?

రవి_కోడ్
సంబంధం ఉంది. నాకు తెలిసిన బగ్గుల్లో ఇంత ఆసక్తిగా ఉండేది ఇంకోటి లేదు, కొంచెం వివరంగా చెబుతాను. దీన్ని ఛేదించింది ఈ గేమ్ బగ్గులు సరిచేసే సైలెంట్‌ప్యాచ్ తయారుచేసిన సైలెంట్ అనే మాడర్. 2025 ఏప్రిల్‌లో తన బ్లాగులో మొత్తం రాశారు.

గేమ్‌లోని `data` ఫోల్డర్లో `vehicles.ide` ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరవొచ్చు. ఒక్కో బండికి ఒక్కో లైను. పక్కపక్కనే ఉన్న రెండు లైన్లు చూడండి:

```
459, topfun, topfun, car, TOPFUN, TOPFUN, van, ignore, 1, 0, 0, -1, 0.7, 0.7, -1
460, skimmer, skimmer, plane, SEAPLANE, SKIMMER, null, ignore, 5, 0, 0
```

మొదటిది వ్యాను. దాని చివర నాలుగు అంకెలు ఎక్కువున్నాయి. మధ్యలో ఉన్న 0.7లు ముందు చక్రం, వెనక చక్రం సైజులు. స్కిమ్మర్ లైనులో ఆ నాలుగూ లేవు. వైస్ సిటీలో ఈ స్కిమ్మర్‌ని పడవగా లెక్కగట్టారు, పడవకి చక్రాల సైజు అక్కర్లేదు. శాన్ ఆండ్రియాస్‌లో దాన్ని విమానంగా మార్చారు కానీ ఆ అంకెలు కలపడం మర్చిపోయారు.

మరి ఇరవై ఏళ్లు ఎలా ఎగిరింది? గేమ్ ఒక్కో లైను చదివినప్పుడు ఆ విలువల్ని మెమరీలో ఒకే చోట రాసుకుంటుంది. పలక మీద రాసుకున్నట్టు అనుకోండి. తర్వాతి లైనుకి వెళ్లేముందు పలక చెరపదు. వ్యాను లైను చదివినప్పుడు 0.7 రాసింది. స్కిమ్మర్ లైనులో ఆ అంకె లేదు కాబట్టి కొత్తగా ఏమీ రాయలేదు, పలక మీద మిగిలిన వ్యాను 0.7నే విమానం చక్రమని తీసుకుంది. అలా నడిచిపోయింది.

రెండు లైన్ల మధ్యలో ఫైల్ చదవడానికి విండోస్ కోడ్ పనిచేస్తుంది. అదీ అదే పలక వాడుకుంటుంది, కానీ పాత విండోస్‌లు ఆ మూల దాకా ఎప్పుడూ రాయలేదు. 24హెచ్2లో విండోస్ లోపలి ఒక చిన్న పని ఇంకాస్త చోటు వాడుకోవడం మొదలుపెట్టి, సరిగ్గా ఆ 0.7 మీదే రాసేసింది. ఇప్పుడు చక్రం సైజు దగ్గర అర్థంలేని అంకె ఉంది. చక్రాన్ని బట్టి విమానం ఎంత ఎత్తులో నిలబడాలో గేమ్ లెక్కగడుతుంది, ఆ ఎత్తు 1 తర్వాత 31 సున్నాలు పెట్టినన్ని మీటర్లు వచ్చింది. మీరు ఆకాశంలోకి పోవడం కాదు కిరణ్ గారూ, ఆకాశం దాటి ఎక్కడికో వెళ్లిపోయారు. విండోస్‌ది తప్పని కూడా అనలేం. ఆ చోటు దానిదే, ఎలాగైనా వాడుకోవచ్చు. తప్పు మొదటి నుంచీ గేమ్‌లోనే ఉంది.

సరిచేయడం తేలిక. `vehicles.ide` కాపీ ఒకటి పక్కన పెట్టుకుని, స్కిమ్మర్ లైను చివర ఇలా కలపండి:

```
460, skimmer, skimmer, plane, SEAPLANE, SKIMMER, null, ignore, 5, 0, 0, -1, 0.7, 0.7, -1
```

లేదా కొత్త సైలెంట్‌ప్యాచ్ వేసుకోండి. అందులో ఈ విలువ లేకపోతే 0.7 అనుకునేలా సరిచేశారు.

కిరణ్_ఎంవీపీ
లైను మార్చాను. రేవులో విమానం ఉంది! శివా, అనవసరంగా నీ బస్సుని అనుమానించాను తమ్ముడూ, ఏమీ అనుకోకు.

లక్ష్మి_ఎన్ఏడీ
నాకూ ఈ బస్సు కావాలి. మా అబ్బాయికి 2021లో వచ్చిన డెఫినిటివ్ ఎడిషన్ కొనిచ్చాం. అందులో `modloader` ఫోల్డర్ ఎక్కడ పెట్టాలి?

మాధురి_టెక్స్చర్స్
లక్ష్మి గారూ, అందులో పనిచేయదండీ. పాత గేమ్ రెండర్‌వేర్ ఇంజిన్ మీద నడుస్తుంది, డీఎఫ్ఎఫ్, టీఎక్స్‌డీ ఫైళ్లు దానివే. డెఫినిటివ్ ఎడిషన్ అన్‌రియల్ ఇంజిన్ 4 మీద కట్టారు. పేరొకటే, లోపల వేరు. దానికి మాడ్స్ ఉన్నాయి కానీ బస్సుని మళ్లీ వేరే పద్ధతిలో తయారుచేయాలి.

పాత గేమ్ దొరికినా దాని వెర్షన్ చూసుకోండి. చాలా స్క్రిప్టులు 1.0 వెర్షన్‌కే రాసినవి. అవి గేమ్ ప్రోగ్రామ్‌లో ఫలానా చోట ఫలానా విలువ ఉంటుందని నమ్ముకుని పనిచేస్తాయి. తర్వాతి వెర్షన్లలో ఆ చోట్లు జరిగిపోయాయి. స్క్రిప్టులు వేయగానే గేమ్ మూసుకుపోతుంటే ముందు వెర్షన్నే అనుమానించాలి.

రాజు_సీతమ్మధార
నాదొక మాట. టెక్స్చర్లు తగ్గించాల్సిన పనే లేదు. లిమిట్ అడ్జస్టర్ వేసి ఆ 50 ఎంబీని 1 జీబీ చేస్తే సరిపోయేది కదా? నేను అలాగే నడిపిస్తున్నాను, హెచ్‌డీ కార్లన్నీ ఉన్నాయి.

రవి_కోడ్
నడుస్తుంది రాజు గారూ, అదీ ఒక దారే. కాకపోతే ఇది 32 బిట్ ప్రోగ్రామ్. మామూలుగా దానికి అందేది 2 జీబీ, ప్రత్యేకంగా మారిస్తే 4 జీబీ. మీ మిషన్‌లో ఎంతున్నా అంతకు మించి వాడుకోలేదు. కొంతసేపు ఆడాక ఉన్నట్టుండి మూసుకుపోతే అది గుర్తుపెట్టుకోండి. ఇక మాడ్ చేసి పంచేవాళ్లు వాళ్ల ఫైలే తేలికగా చేస్తే మంచిదని నా అభిప్రాయం. దింపుకునే అందరి దగ్గరా అడ్జస్టర్ ఉండదు.

రాజు_సీతమ్మధార
గంట దాటితే మూసుకుపోతోంది, నిజమే. నేను లాప్‌టాప్ వేడెక్కి అనుకున్నాను. లిమిట్ 1 జీబీ నుంచి 512 ఎంబీకి తగ్గించి చూస్తాను.

శివ_గాజువాక
బోర్డు విడదీశాను అక్కా. మద్దిలపాలెం ఇప్పుడు ద్ద వత్తుతో సహా స్పష్టంగా కనిపిస్తోంది. ఇంకా రెండు ఉన్నాయి. ఒకటి, డ్రైవరు ఎడమ వైపు కూర్చుంటున్నాడు. మన బస్సులో కుడివైపు కదా. రెండోది, గేమ్‌లో కింద వచ్చే డైలాగులు తెలుగులో పెట్టొచ్చా?

మాధురి_టెక్స్చర్స్
డ్రైవరు సంగతి: మోడల్‌లో `ped_frontseat` అనే డమ్మీ ఉంటుంది. దాన్ని అవతలి పక్కకి జరిపితే మనిషి కుడివైపు కూర్చుంటాడు. నా ఆటోకి అలాగే చేశాను. కానీ ఎక్కేటప్పుడు పాత వైపు నుంచే ఎక్కి, సీట్లోకి జారినట్టు కనిపిస్తాడు. బస్సులో ఎలా ఉంటుందో చేసి చెప్పు.

రవి_కోడ్
డైలాగులు `text\american.gxt`లో ఉంటాయి, మార్చడానికి ఎడిటర్లు ఉన్నాయి. అక్షరాల బొమ్మలు `models\fonts.txd`లో, వాటి వెడల్పులు `data\fonts.dat`లో ఉంటాయి. చిక్కు ఎక్కడంటే, గేమ్ ఒక్కో అక్షరానికి ఒక్క బైటే ఇస్తుంది, ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతుంది. "క్ష్మి" రాయాలంటే మనకి ఒకదాని కింద ఒకటి రావాలి. ఆ పని దానికి రాదు. గుణింతాలు, వత్తులు అన్నీ విడివిడి బొమ్మలుగా పెడదామంటే ఫాంట్ బొమ్మలో ఉన్న గళ్లు చాలవు.

పాత_నెట్‌సెంటర్
మా రోజుల్లో డీటీపీ చేసేవాళ్లు అనూ ఫాంట్లలో ముక్కలు ముక్కలుగా తలకట్టు వేరు, వత్తు వేరు పెట్టి రాసేవాళ్లు. ఆ పద్ధతి ఇక్కడ పనికొస్తుందేమో చూడండి రవి గారూ. వత్తు బొమ్మకి వెడల్పు సున్నా ఇస్తే ముందు అక్షరం కిందికే వస్తుంది కదా?

రవి_కోడ్
వెడల్పు సున్నా ఇచ్చే ఆలోచన నాకు రాలేదండీ. పాత డీటీపీ ఫాంట్లు నిజంగానే ఒక బైటు లెక్కలో నడిచినవే. గేమ్ ఆ సున్నాని ఒప్పుకుంటుందో లేదో చూడాలి. ఆదివారం ఒక్క "మ్మ"తో మొదలుపెడతాను.

శివ_గాజువాక
డమ్మీ జరిపాను అక్కా. డ్రైవరు కుడివైపే కూర్చున్నాడు కానీ ఎక్కేటప్పుడు చెయ్యి బస్సు గోడలోంచి బయటికి వస్తోంది. వీడియో తీసి సాయంత్రం పెడతాను.